షిఫ్టు దిగిన సీనియర్‌ను పదిహేను నిమిషాలు అడగడం

"అన్నా నమస్తే. నేను మీ కాలేజే. డిగ్రీ అయిపోతుంది. మీ కంపెనీల ఏదన్నా జాబ్ ఉంటే చూడున్రి. బయోడేటా పంపుతున్న."

ఉద్యోగంలో కుదురుకున్న ఏ సీనియర్ ఫోన్‌లో చూసినా ఇలాంటి వాట్సాప్ మెసేజ్‌లు ఉంటాయి. వాటిలో చాలావాటికి జవాబు వెళ్లదు. పంపిన పిల్లలేమో "పెద్దోడైపోయిండు, మనల్ని మరిచిపోయిండు" అనుకుంటారు. అవతలి మనిషి వైపు నుంచి చూడండి. ఉద్యోగంలో చేరి నాలుగైదేళ్లయిన వాడి చేతిలో ఉద్యోగాలు ఉండవు. చక్కెర ఫ్యాక్టరీలోనైతే ల్యాబ్‌లోకి ఎవరిని తీసుకోవాలో చీఫ్ కెమిస్టు, ఆయన పైవాళ్లు తేలుస్తారు. "లేదు తమ్ముడూ" అని రాయడానికి మొహమాటం, "చూస్తాలే" అని రాస్తే అబద్ధం. అందుకే ఏమీ రాయకుండా ఊరుకుంటాడు. తన వల్ల కాని పని అడిగారు కాబట్టి వచ్చిన మౌనం అది.

అదే మనిషిని "సీజన్ అయిపోయాక మీ ల్యాబ్‌లో కొత్త కెమిస్టులను ఉంచుకుంటారా, ఇంటికి పంపుతారా?" అని అడిగితే సంగతి వేరు. దానికి జవాబు ఆయనకు తెలుసు. చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ జవాబు ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు. ఇలాంటి ప్రశ్న ఒకటి తయారు చేసుకోవడం, దానికోసం పదిహేను నిమిషాలు అడగడం, ఆ పదిహేను నిమిషాలను సరిగా వాడుకోవడం ఎలాగో ఈ అధ్యాయంలో ఒకే ఉదాహరణ పట్టుకుని చూద్దాం.

సిరికొండ అమ్మాయి అనుకుందాం. నిజామాబాద్‌లో గిరిరాజ్ ప్రభుత్వ కళాశాలలో బీఎస్సీ మూడో ఏడు, కెమిస్ట్రీ ఒక సబ్జెక్టు. ముందు రెండు దార్లు కనిపిస్తున్నాయి. ఒకటి సీపీగెట్ రాసి డిచ్‌పల్లిలోని తెలంగాణ యూనివర్సిటీలోనో హైదరాబాద్‌లోనో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేయడం. రెండోది చక్కెర వైపు వెళ్లడం. కాన్పూర్‌లో నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్ ఉందని, బీఎస్సీ వాళ్లు అక్కడ షుగర్ టెక్నాలజీలో పీజీ డిప్లొమా చేయవచ్చని ఎక్కడో విన్నది. ఇంట్లో మాత్రం "చక్కెర ఫ్యాక్టరీ ఏడుంది బిడ్డా ఇప్పుడు, బోధన్‌దే మూతపడ్డది" అంటున్నారు.

ఇంట్లోవాళ్ల మాటలో నిజముంది. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో బోధన్ చుట్టుపక్కల పిల్లలకు ఈ అధ్యాయం అవసరమే పడేది కాదు. శక్కర్‌నగర్ క్వార్టర్లలో మేనమామో పక్కింటాయనో ఉండేవాడు, ల్యాబ్ పని ఎట్లుంటదో సాయంత్రం అరుగు మీద చెప్పేవాడు. ఇప్పుడు ఆ పని తెలిసినవాళ్లను వెతుక్కుని, తెలియని మనిషిని పద్ధతిగా అడగాల్సి వస్తోంది. చక్కెర పరిశ్రమ మాత్రం దేశంలో ఆగలేదు. మహారాష్ట్రలో, కర్ణాటకలో ఫ్యాక్టరీలు నడుస్తూనే ఉన్నాయి, చాలావాటికి ఇథనాల్ తయారు చేసే డిస్టిలరీలు కూడా తోడయ్యాయి. బోధన్ మూతపడిందన్న ఒక్క సంగతితో ఈ దారిని కొట్టిపారేయలేం, కాన్పూర్ పేరు విని ఎగిరి దూకలేం. లోపల పనిచేస్తున్న మనిషితో మాట్లాడాలి.

మొదటి పని ఆ మనిషిని వెతకడం కాదు, ప్రశ్నను చెక్కడం. అమ్మాయి తన సందేహాలన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలి. కాన్పూర్‌లో ఎవరికి అర్హత ఉంది, ప్రవేశ పరీక్ష ఎప్పుడు, ఫీజు ఎంత, హాస్టల్ ఉందా? చక్కెర ల్యాబ్‌లో ఏం పని చేస్తారు? జీతం ఎంత? ఆడపిల్లలను తీసుకుంటారా, రాత్రి షిఫ్టు ఉంటుందా? ఎమ్మెస్సీ చేసినవాళ్లకు అక్కడ విలువ ఉందా? సీజన్ అయిపోయాక ఏం చేస్తారు?

ఇప్పుడు వీటిని జల్లెడ పట్టాలి. అర్హత, పరీక్ష, ఫీజు, హాస్టల్ అన్నీ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. వాటిని సీనియర్‌ను అడిగితే "ఈ పిల్ల గూగుల్ కూడా చూడలేదు" అనుకుంటాడు, తర్వాతి ప్రశ్నకు ఓపిక ఉండదు. పని ఏమిటన్నది సగం పుస్తకాల్లో దొరుకుతుంది. చెరకు రసంలో కరిగిన పదార్థం ఎంతో చెప్పే బ్రిక్స్, చక్కెర ఎంతో చెప్పే పోల్, ఈ రెండింటి నిష్పత్తితో వచ్చే ప్యూరిటీ ఏమిటో ఒక సాయంత్రం కూర్చుంటే అర్థమవుతుంది. పోలారిమీటర్ గురించి కాలేజీ లెక్చరర్లే చెప్పగలరు. ఇవన్నీ తీసేస్తే కాగితం మీద మూడు మిగులుతాయి. సీజన్ లేని నెలల్లో కొత్తవాళ్ల పరిస్థితి. ల్యాబ్‌లో ఆడవాళ్లు ఉన్నారా, షిఫ్టులు ఎట్లా వేస్తారు. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు డిప్లొమా ఉన్నవాళ్లకు, మామూలు ఎమ్మెస్సీ వాళ్లకు తేడా ఎంత. లోపలి మనిషి మాత్రమే చెప్పగలిగేవి ఇవే.

వీటిలోంచి ఒక్కటి మెసేజ్‌లోకి ఎక్కుతుంది. మిగతా రెండూ మాట్లాడేటప్పుడు వస్తాయి. నా సలహా సీజన్ ప్రశ్నను ఎంచుకోమనే. చక్కెర ఫ్యాక్టరీ ఏడాది పొడుగునా చెరకు ఆడదు. మన వైపు గానుగాట నవంబరు ప్రాంతంలో మొదలై మార్చి దాకా నడుస్తుంది. తర్వాత మరమ్మతులు. ఈ పరిశ్రమలో ఉద్యోగులు ఏడాదంతా పని ఉండేవాళ్లు, సీజనల్ వాళ్లు అని రెండు రకాలు. సీజనల్ ఉద్యోగికి ఆట లేని నెలల్లో పూర్తి జీతం రాదు, రిటెన్షన్ అలవెన్సు పేరుతో అందులో కొంత భాగం వస్తుంది. ఒక కుటుంబం ఈ దారిని ఎంచుకోవాలా వద్దా అన్నది చాలావరకు ఈ ఒక్క విషయం మీదే తేలుతుంది. పైగా ఈ ప్రశ్న అడిగిన పిల్లకు ఆ రంగం గురించి కొంత తెలుసని చదివినవాడికి వెంటనే అర్థమవుతుంది.

తర్వాత మనిషి. కాలేజీ లెక్చరర్ దగ్గరికి వెళ్లి "మన దగ్గర చదివి చక్కెర ఫ్యాక్టరీలోనో డిస్టిలరీలోనో చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా మేడమ్?" అని అడగడం అన్నిటికన్నా దగ్గరి దారి. న్యాక్ గుర్తింపుకు వెళ్లే కాలేజీలు పూర్వ విద్యార్థుల సంఘం గురించి, దాని పనుల గురించి చూపించాల్సి ఉంటుంది. అందుకని కాలేజీలో ఎవరో ఒకరి దగ్గర పాత విద్యార్థుల జాబితా ఉండే అవకాశం ఎక్కువ. ఆఫీసులో కాకపోతే డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉంటుంది. నంబరు నేరుగా తీసుకోకుండా, ఆ సీనియర్‌ను అడిగి ఇవ్వమని మేడమ్‌ను కోరడం మర్యాద. అమ్మాయిలకు ఇందులో ఇంకో మేలుంది. తెలియని మగవాడితో మొదటి మాట లెక్చరర్ ద్వారా నడిస్తే ఇద్దరికీ నిశ్చింత. లింక్డ్ఇన్‌లో కాలేజీ పేజీ తెరిస్తే అక్కడ చదివినవాళ్లను, వాళ్లు చేసే పనిని చూసే వీలుంది కానీ, ఫ్యాక్టరీ ల్యాబ్‌లలో పనిచేసేవాళ్లు అందులో అంతగా కనిపించరు. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లకు అది ఎక్కువ పనికొస్తుంది.

నలుగురి పేర్లు దొరికితే ఎవరిని అడగాలి? జనరల్ మేనేజర్ అయిన ఆయన పేరు చూడగానే మనసు అటే లాగుతుంది. మూడు నుంచి ఆరేళ్ల ముందు డిగ్రీ ముగించినవాళ్లే మీకు పనికొస్తారు. ఇరవై ఏళ్ల కింద చేరినాయన చెప్పే నియామకాలు ఇరవై ఏళ్ల కిందటివి. మొన్న చేరినవాడికి ఇంటర్వ్యూలో ఏం అడిగారో ఇంకా గుర్తుంటుంది.

ముఖపరిచయం లేని మనిషిని అడగడమేమిటని చాలామంది సంకోచిస్తారు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో రాసిన వ్యాసం ఈ సంకోచానికి మంచి మందు. బోస్టన్ దగ్గర న్యూటన్ అనే పట్టణంలో, ఎవరో తెలిసినవాళ్ల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవాళ్లను ఆయన విచారించాడు. ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లమని చెప్పింది నూటికి 17 మందే. మిగతా అందరూ అప్పుడప్పుడో, ఎప్పుడో ఒకసారో కలిసే మనిషి ద్వారా సమాచారం అందుకున్నవాళ్లు. కారణం తేలికే. మన దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. సిరికొండలో ఇంటి చుట్టుపక్కల ఎంతమందిని అడిగినా "బోధన్ మూతపడ్డది" అన్న ఒక్క మాటే తిరిగి తిరిగి వస్తుంది. కొత్త మాట బయటి నుంచి రావాలి.

ఇక మెసేజ్. రాసే సమయం కూడా మెసేజ్‌లో భాగమే. జనవరిలో గానుగాట జోరు మీద ఉంటుంది, ఫ్యాక్టరీ మూడు షిఫ్టుల్లో ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది, ల్యాబ్‌లో శాంపిల్ వెంట శాంపిల్. ఏప్రిల్‌లో అయితే ఆట ముగిసి మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. సీపీగెట్ దరఖాస్తులకూ ఇంకా టైముంటుంది. కాబట్టి ఏప్రిల్ మొదటి వారం మంచిది. ఇలా రాయవచ్చు:

"నమస్తే సార్. మాది సిరికొండ. గిరిరాజ్ కాలేజీలో బీఎస్సీ మూడో సంవత్సరం చదువుతున్నాను. మన కెమిస్ట్రీ మేడమ్ మిమ్మల్ని అడిగి ఈ నంబరు ఇచ్చారు. క్రషింగ్ అయిపోయి ఉంటుందని ఇప్పుడు రాస్తున్నాను. ఎమ్మెస్సీ చేయాలా, షుగర్ టెక్నాలజీ డిప్లొమాకు వెళ్లాలా అన్నది సీపీగెట్ దరఖాస్తు లోపు నేను తేల్చుకోవాలి. సీజన్ లేని నెలల్లో ల్యాబ్‌లో కొత్తవాళ్ల పరిస్థితి ఎట్లుంటుందో మిమ్మల్ని అడగాలని ఉంది. వచ్చే వారం మీకు వీలున్నప్పుడు పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడగలరా? బుధ, శుక్రవారాలు సాయంత్రం నాలుగు తర్వాత నేను ఖాళీగా ఉంటాను. మీకు వేరే సమయం అనుకూలమైతే అదే చెప్పండి. ఇప్పుడు ఉద్యోగం కోసం అడగడం లేదు సార్, తెలుసుకోవడానికే. కుదరకపోయినా పర్వాలేదు."

ఇందులో ప్రతి వాక్యానికీ ఒక పని ఉంది. ఎవరు, నంబరు ఎలా వచ్చింది అన్నది మొదటే తేలిపోయింది కాబట్టి అవతలివాడికి అనుమానం ఉండదు. గడువు చెప్పడంతో జవాబు ఎప్పటిలోగా కావాలో తెలుస్తుంది. ప్రశ్న ముందే చెప్పడంతో ఆయన ఏం చెప్పాలో ఆలోచించుకుని ఉంటాడు. "పదిహేను నిమిషాలు" అన్న అంకె అన్నిటికన్నా ముఖ్యం. "ఒకసారి మాట్లాడాలి సార్" అంటే అది అయిదు నిమిషాలో గంటో తెలియదు. తెలియని దానికి సరేననడం ఎవరికైనా కష్టం. బయోడేటా జత చేయలేదు చూడండి. అది జత చేస్తే పై మాటలన్నీ వట్టివైపోతాయి, ఉద్యోగమే అడుగుతున్నారని చదివినవాడికి తెలిసిపోతుంది.

సార్ అనాలా, అన్నా అనాలా? నిజామాబాద్ వైపు నాలుగేళ్ల సీనియర్‌ను అన్నా, అక్కా అనడం సహజమే. అయినా మొదటి మెసేజ్‌లో సార్, మేడమ్ అని రాసి, ఆయనే "అన్నా అనమ్మా" అంటే మారడం మంచిది. మొదటే అన్నా అని మొదలుపెట్టి తర్వాత సార్‌లోకి మారితే ఎబ్బెట్టుగా ఉంటుంది.

జవాబు రాకపోతే? వారం పది రోజులు ఆగి ఒక్కసారి గుర్తు చేయవచ్చు. ఆ రెండోసారి కోరిక మొదటిదానికన్నా చిన్నదై ఉండాలి. "ఫోన్ కుదరకపోతే ఒక్క వాయిస్ మెసేజ్‌లో చెప్పినా చాలు సార్: సీజన్ తర్వాత కొత్త కెమిస్టులను మీ దగ్గర ఉంచుకుంటారా?" షిఫ్టు దిగి గదికి నడుస్తూ రెండు నిమిషాలు మాట్లాడి పంపేయవచ్చు కాబట్టి, ఫోన్‌కు ఒప్పుకోనివాళ్లు కూడా దీనికి పలుకుతారు. దానికీ జవాబు లేకపోతే అక్కడితో ఆపి, జాబితాలో రెండో పేరుకు వెళ్లాలి. నీలం టిక్కులు చూసి "చదివిండ్రు కదా సార్" అని రాయడం, తెలియని నంబరు నుంచి మిస్డ్ కాల్స్ ఇవ్వడం మాత్రం వద్దు. మేడమ్ ఇచ్చిన పేరు కాబట్టి ఆమె మాటకూ చెడ్డపేరు వస్తుంది.

ఆయన సరేనన్నాడు, బుధవారం సాయంత్రం అయిదింటికి ఫోన్ అనుకుందాం. అమ్మాయి ముందు కాగితం, పెన్ను, మూడు ప్రశ్నలు. ఇంట్లో టీవీ మోతకు, బస్సు హారన్లకు దూరంగా, సిగ్నల్ సరిగా ఉన్న చోట కూర్చోవాలి. సొంత పరిచయానికి అర నిమిషం చాలు.

మొదటి ప్రశ్నకు ఆయన ఇలా చెప్పవచ్చు: సీజన్‌లో రసం, సిరప్, మొలాసిస్ శాంపిళ్లు గంటగంటకూ చూస్తాం, అయిపోయాక పరికరాలు సరిచేసుకోవడం, స్టాక్ లెక్కలు, వచ్చే సీజన్ ఏర్పాట్లు ఉంటాయి, అందుకు కొద్దిమంది చాలు. ఇది విని "సరే సార్" అని రెండో ప్రశ్నకు దూకేయడమే చాలామంది చేసే పొరపాటు. ఆగి, ఆయన చెప్పిన దాని లోపలికి ఇంకో మెట్టు దిగాలి. "మీరు చేరినప్పుడు సీజనల్‌గానే తీసుకున్నారా సార్? ఎన్ని సీజన్ల తర్వాత పర్మనెంట్ చేశారు?" అసలు సమాచారం ఇక్కడ వస్తుంది. ఆయన రెండో ఏడే పర్మనెంట్ అయ్యుంటే ఒక లెక్క, అయిదేళ్లయినా సీజనల్ రోల్‌లోనే ఉంటే ఇంకో లెక్క. డిస్టిలరీ ఉన్న యూనిట్లలో ల్యాబ్ పని ఎక్కువ నెలలు దొరుకుతుందా అన్నది దీని వెంటే సహజంగా వచ్చే ప్రశ్న.

జీతం సంగతి అడగవచ్చు, ఆయనదైతే అడగకూడదు. "కొత్తగా చేరినవాళ్లకు ఎంత నుంచి ఎంత వరకు ఉంటుంది సార్?" అంటే ఎవరూ నొచ్చుకోరు. రాత్రి షిఫ్టు ప్రశ్నను అమ్మాయి మొహమాటం లేకుండా అడగాలి. ఆయనకు సరిగా తెలియకపోతే అక్కడే మంచి అవకాశం ఉంది: "మీకు తెలిసిన ల్యాబ్‌లలో పనిచేసే అక్కలెవరైనా ఉన్నారా సార్? వాళ్లను ఒకసారి అడిగి చూస్తారా?"

ఫోన్‌లో రెండు చోట్ల దారి తప్పే ప్రమాదం ఉంది. ఒకటి, సీనియర్ తన కష్టాల కథలోకి వెళ్లడం. కాసేపు వినాలి, తర్వాత "అప్పుడు ఇంటర్వ్యూలో మిమ్మల్ని ఏం అడిగారు సార్?" అని ఆ కథలోంచే ప్రశ్న తీసి మెల్లగా వెనక్కి తేవాలి. రెండోది, ఆయనే "బయోడేటా పంపమ్మా, చూద్దాం" అనడం. అది మంచిదే. "తప్పకుండా సార్, డిగ్రీ ఫలితాలు వచ్చాక పంపుతాను" అని చెప్పి, ప్రశ్నలు ముగించుకోవాలి. ఆ మాట వినగానే మిగతా ప్రశ్నలన్నీ మరిచిపోయి ఆశలో పడితే, తెలుసుకోవడానికి వేసిన ఫోన్ వృథా అవుతుంది.

పద్నాలుగో నిమిషంలో అమ్మాయే "సార్, మీరిచ్చిన టైం అయిపోవస్తోంది" అనాలి. ఆయనకు వీలుంటే "పర్వాలేదు, అడుగు" అంటాడు. లేకపోతే అక్కడ ముగిసిపోతుంది. రెండు విధాలా మాట నిలబెట్టుకున్నట్టే. ముగించే ముందు ఒక్క ప్రశ్న: "ఈ విషయంలో నేను ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుంది సార్?" ఒక్క పేరు దొరికినా రెండో ఫోన్‌కు మెసేజ్ రాయడం సులువు.

ఆ రెండో ఫోన్ తప్పనిసరి. ఒక మనిషి చెప్పేది ఒక ఫ్యాక్టరీ సంగతే. మహారాష్ట్రలోని సహకార ఫ్యాక్టరీలో పద్ధతి ఒకటి, తెలంగాణలో ప్రైవేటు ఫ్యాక్టరీలో మరొకటి. యాజమాన్యంతో పడని రోజుల్లో ఉన్నవాడు ఈ రంగమే వద్దంటాడు, ఇంక్రిమెంటు వచ్చిన నెలలో ఉన్నవాడు కళ్లు మూసుకుని రమ్మంటాడు. ఇద్దరు ముగ్గురిని ఒకే ప్రశ్న అడిగి, జవాబులు ఎక్కడ కలుస్తున్నాయో చూసుకోవాలి. ముగ్గురూ "కొత్తవాళ్లు మొదట సీజనల్‌గానే" అంటే అది ఆ పరిశ్రమ పద్ధతి. ఒక్కడే అంటే అది ఆ ఫ్యాక్టరీ పద్ధతి. ఎమ్మెస్సీ దారికీ ఇదే కొలత: హైదరాబాద్ ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో ఉన్న సీనియర్‌తో ఇంకో పదిహేను నిమిషాలు మాట్లాడకుండా రెండు దార్లను పోల్చలేం.

మన జిల్లాలో ఈ పద్ధతి ఎక్కువగా కావాల్సింది గల్ఫ్ వెళ్లాలనుకునేవాళ్లకు. ఊరి నుంచి దుబాయిలోనో ఖతర్‌లోనో ఉన్నవాళ్లకు "అన్నా, ఒక వీసా చూడు" అన్న ఫోన్లు పోతూనే ఉంటాయి. అదీ వాళ్ల చేతిలో లేనిదే. దానికి బదులు "మీ క్యాంపులో ఎలక్ట్రీషియన్‌కు ఓవర్‌టైం ఎట్ల లెక్కగడతరన్నా? చేతికి వచ్చేది అగ్రిమెంటులో రాసిందేనా?" అని అడిగితే, ఏజెంటు చేతిలో డబ్బు పెట్టకముందే అసలు సంగతి తెలుస్తుంది. ఇక సీనియర్ పేరు చెప్పుకుని ఎవరైనా ఉద్యోగానికి డబ్బు అడిగితే, అది చక్కెర ఫ్యాక్టరీ అయినా గల్ఫ్ అయినా, అక్కడితో మాట ఆపేయండి.

ఫోన్ పెట్టేసిన రోజే కృతజ్ఞత చెప్పాలి, రెండు వాక్యాల్లో. "థాంక్యూ సార్" ఒక్కటే సరిపోదు. ఆయన చెప్పిన దానిలో ఏది పనికొచ్చిందో రాయాలి: "సీజనల్ రోల్ గురించి మీరు చెప్పాక ఇంట్లో ఆ లెక్క వేసి చూస్తున్నాం సార్." తన మాట ఎక్కడ ఉపయోగపడిందో తెలిస్తే ఆ మనిషి తర్వాత వచ్చేవాళ్లకూ ఫోన్ ఎత్తుతాడు. చాలామంది ఇక్కడితో వదిలేస్తారు. సీపీగెట్ ఫలితం వచ్చినప్పుడో కాన్పూర్‌లో చేరినప్పుడో, చివరికి రెండూ మానుకుని వేరే దారి పట్టినప్పుడో, ఏం నిర్ణయించుకున్నారో ఆయనకు ఒక మెసేజ్ పంపండి. ఆయన సలహాకు విరుద్ధంగా వెళ్లినా సరే, తప్పక పంపండి.